క్రెడిట్ కార్డు బాకీ మీద రోజువారీ చక్రవడ్డీ: ఏడాదికి నిజంగా పడేది ఎంత? (తరచుగా అడిగే ప్రశ్నలు)

ఈ ప్రశ్నలూ జవాబులూ అమెరికా క్రెడిట్ కార్డుల గురించి. ఏ రోజు వడ్డీని ఆ రోజే బాకీలో కలిపేసి మర్నాడు దాని మీద కూడా వడ్డీ వేసే పద్ధతి అక్కడ బాగా వాడుకలో ఉంది. చదువుకో ఉద్యోగానికో వెళ్లిన మనవాళ్లలో చాలామందికి బిల్లు చూశాకే ఆ సంగతి తెలుస్తుంది. ఇండియా కార్డుల లెక్క కొంచెం వేరు, దానికి చివర్లో ఒక జవాబు ఉంది. లెక్కలన్నిటికీ ఒకే ఊహా కార్డు తీసుకున్నాను: ఏపీఆర్, అంటే కార్డుకు చెప్పే ఏడాది వడ్డీ రేటు, 24%, బాకీ 3,000 డాలర్లు. మీ కార్డు రేటు వేరేగా ఉంటే ఆ ఒక్క అంకె మార్చుకుంటే చాలు.

ఏపీఆర్ 24% అంటే మన లెక్కలో ఎంత వడ్డీ?

నూటికి రెండు రూపాయలు. ఊళ్లో ప్రోనోటు రాసి తెచ్చే రెండు రూపాయల వడ్డీ కూడా ఏడాదికి 24 శాతమే. కాబట్టి రేటు చూసి కొత్తగా కంగారు పడాల్సింది లేదు. తేడా అంతా ఆ వడ్డీని ఎలా కడతారన్న దగ్గర ఉంది. ప్రోనోటు మీద మామూలుగా బారువడ్డీ నడుస్తుంది: అసలు మూడు వేలు ఉన్నంతకాలం వడ్డీ ఆ మూడు వేల మీదే. కార్డు మీద నడిచేది చక్రవడ్డీ, అదీ రోజుకోసారి.

బ్యాంకు ముందుగా 24ని 365తో భాగిస్తుంది. రోజుకు 0.06575% వస్తుంది. 3,000 డాలర్ల బాకీ మీద మొదటి రోజు వడ్డీ ఒక డాలరు 97 సెంట్లు. రెండో రోజు అదే రేటు 3,001.97 మీద పడుతుంది. అప్పుడు వడ్డీ మొదటి రోజుకంటే సెంటులో ఎనిమిదో వంతు ఎక్కువ. చూడటానికి నవ్వొచ్చేంత చిన్న తేడా. అది ఏడాది పొడవునా పేరుకుంటే ఎంతవుతుందన్నదే ఇక్కడ అసలు లెక్క.

ఏడాదికి అసలు ఖర్చు ఎంతో ఎలా కట్టాలి?

రోజు రేటుకు ఒకటి కలిపి, దాన్ని 365 సార్లు గుణించుకుంటూ పోయి, చివర్లో ఒకటి తీసేయాలి. చేత్తో చేసే పని కాదు. ఎక్సెల్‌లోనో గూగుల్ షీట్స్‌లోనో ఈ రెండిట్లో ఏదో ఒకటి టైప్ చేయండి:

```
=(1+0.24/365)^365-1
=EFFECT(0.24,365)
```

రెండూ 0.2711 చూపిస్తాయి, అంటే 27.11%. గడిలో వట్టి 0 కనిపిస్తే దాన్ని శాతంగా మార్చుకోండి. 24% అని రాయాల్సిన చోట 24 అని రాస్తే మాత్రం అర్థంపర్థం లేని పెద్ద అంకె వస్తుంది.

డాలర్లలో చెప్పుకోవాలంటే, 3,000 బాకీని ఏడాదిపాటు ముట్టుకోకుండా వదిలేస్తే (నిజానికి వదిలేయనివ్వరు, ఆ సంగతి కింద ఉంది) అది 3,813 డాలర్ల 45 సెంట్లవుతుంది. బారువడ్డీ అయితే 3,720 దగ్గరే ఆగేది. వడ్డీ మీద వడ్డీ రూపంలో పడింది 93 డాలర్ల చిల్లర.

రేటు పెరిగేకొద్దీ ఈ అంతరం అంతకంటే వేగంగా పెరుగుతుంది. 18% కార్డుకు అసలు ఖర్చు 19.72%, తేడా రెండు శాతం లోపే. 29.99% కార్డుకు అది 34.96%, అంటే దాదాపు ఐదు శాతం తేడా. కాబట్టి రెండు కార్డులను పోల్చేటప్పుడు ఏపీఆర్‌ల మధ్య 12 శాతమే కదా అనుకుంటే పొరపాటు. నిజంగా కట్టేదాంట్లో తేడా 15 దాటుతుంది.

24 అని రాసి 27 వసూలు చేయడం మోసం కాదా?

చట్టప్రకారం కాదు. అమెరికాలో ఏపీఆర్ చెప్పి తీరాలన్న నిబంధన 1968 నాటి ట్రూత్ ఇన్ లెండింగ్ చట్టం నుంచి వచ్చింది. కార్డు విషయంలో ఆ ఏపీఆర్ అంటే రోజు రేటునో నెల రేటునో ఏడాదికి హెచ్చవేసిన అంకె మాత్రమే. వడ్డీ మీద వడ్డీ అందులో కలవదు.

తమాషా ఏమిటంటే, అదే బ్యాంకు మీ సేవింగ్స్ ఖాతాకు ఇచ్చే వడ్డీని చెప్పేటప్పుడు ఏపీవై అని చెబుతుంది. అందులో చక్రవడ్డీ కలిసే ఉంటుంది. అది 1991 నాటి ట్రూత్ ఇన్ సేవింగ్స్ చట్టం పెట్టిన నియమం. మనకు ఇచ్చేది చక్రవడ్డీ కలిపి కాస్త పెద్దగా, మన దగ్గర తీసుకునేది కలపకుండా కాస్త చిన్నగా కనిపిస్తుంది. రెండూ చట్టబద్ధమే. అందుకే సేవింగ్స్‌లో 4% ఏపీవై వస్తోంది, కార్డు 24% ఏపీఆర్ అని పక్కపక్కన పెట్టి పోల్చడం తప్పు. 4కి ఎదురు నిలబెట్టాల్సింది 27.11ని.

అయితే ఈ నష్టానికంతా రోజువారీ చక్రవడ్డీయే కారణమా?

కాదు. ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. అదే 24 శాతాన్ని నెలకోసారి మాత్రమే చక్రవడ్డీ వేస్తే ఏడాదికి 26.82% అవుతుంది. రోజుకోసారి వేస్తే 27.11%. తేడా శాతంలో మూడో వంతు కూడా లేదు. మూడు వేల డాలర్ల మీద ఏడాదికి తొమ్మిది డాలర్ల లోపే.

రోజువారీ అన్న మాట వినగానే పుట్టే టెన్షన్‌కూ దాని వల్ల జేబుకు పడే చిల్లుకూ పొంతన లేదు. జేబుకు చిల్లు పెట్టేవి వేరే ఉన్నాయి: రేటు, డబ్బు కట్టిన తేదీ, కొత్త ఖర్చుల మీద గడువు దాకా వడ్డీ పడని గ్రేస్ పీరియడ్ పోవడం. కింది లెక్కలో అది అంకెలతో సహా కనిపిస్తుంది.

ఒక నెల బిల్లు లెక్క చేసి చూపించగలరా?

బిల్లు ప్రతి నెలా 3న తయారవుతుంది, గడువు 28. పోయిన నెల బిల్లు మొత్తం కట్టలేదు, కొంత మిగిలింది. అందువల్ల గ్రేస్ పీరియడ్ పోయింది. ఏప్రిల్ 4న బాకీ 3,000 డాలర్లు. ఏప్రిల్ 18న వెయ్యి కట్టారు. ఏప్రిల్ 25న సరుకులకూ ఇతర ఖర్చులకూ 300 గీకారు. మే 3న బిల్లు. మొత్తం 30 రోజులు.

ఏప్రిల్ 4 నుంచి 17 దాకా 14 రోజులు బాకీ మూడు వేలు. ఆ రెండు వారాల వడ్డీ 27.73 డాలర్లు, బాకీ 3,027.73 అయింది. 18న వెయ్యి పోగా 2,027.73. అక్కడి నుంచి 24 దాకా ఏడు రోజులకు వడ్డీ 9.35. బాకీ 2,037.09కి చేరింది. 25న 300 కలిసి 2,337.09 అయింది. మే 3 దాకా తొమ్మిది రోజులకు వడ్డీ 13.87.

మొత్తం వడ్డీ 50 డాలర్ల 95 సెంట్లు. మే 3న బిల్లు 2,350.95.

ఇప్పుడు ఇదే నెలకు చక్రవడ్డీ లేకుండా కట్టి చూద్దాం. మూడు వేలు 14 రోజులు, రెండు వేలు 7 రోజులు, 2,300 తొమ్మిది రోజులు. అన్నీ కలిపి 76,700. దాన్ని రోజు రేటుతో గుణిస్తే 50.43 వస్తుంది. అంటే ఈ నెలలో రోజువారీ చక్రవడ్డీ వల్ల అదనంగా పడింది 52 సెంట్లు.

అదే వెయ్యి డాలర్లను 18 దాకా ఆగకుండా ఏప్రిల్ 4నే కట్టి ఉంటే? మొత్తం వడ్డీ 41.61 అయ్యేది. 9 డాలర్ల 34 సెంట్లు మిగిలేవి. చక్రవడ్డీ తిన్నదానికి ఇది దాదాపు పద్దెనిమిది రెట్లు. రెండు సందర్భాల్లోనూ గడువు దాటలేదు, కట్టిన సొమ్ములోనూ తేడా లేదు. మారిందల్లా తేదీ. బాకీ మోస్తున్నవాళ్లకు గడువు తేదీ ఆలస్య రుసుము తప్పించుకోవడానికే పనికొస్తుంది. వడ్డీకి దానితో సంబంధం లేదు, అది రోజూ పడుతూనే ఉంటుంది. జీతం పడిన రోజే కట్టేయడం, లేదా నెలకు రెండు విడతలుగా కట్టడం ఇందుకే లాభం.

ఆ 300 సంగతి కూడా చూడండి. బిల్లు ఇంకా రాలేదు, గడువు ఎక్కడో నెల దూరంలో ఉంది. అయినా గీకిన రోజు నుంచే దాని మీద వడ్డీ మొదలై, తొమ్మిది రోజులకు ఒక డాలరు 78 సెంట్లు పడింది. పాత బాకీ లేకపోతే ఇది సున్నా. బాకీ ఉన్న కార్డు మీద రోజువారీ ఖర్చులు పెట్టొద్దనేది అందుకే. చేతిలో బాకీ లేని ఇంకో కార్డు ఉంటే సరుకులకు దాన్ని వాడండి, లేదా డెబిట్ కార్డు వాడండి.

నా కార్డు రోజూ చక్రవడ్డీ వేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

ఒప్పంద పత్రంలో ఉంటుంది కానీ బిల్లులోనే పట్టుకోవచ్చు. చివరి పేజీల్లో `Interest Charge Calculation` అన్న చిన్న పట్టీ ఉంటుంది. అందులో ఏపీఆర్, దాని పక్కన `Balance Subject to Interest Rate`, ఆ పక్కన వడ్డీ ఉంటాయి. మధ్యలో ఉన్న ఆ బాకీ అంకె మీదే దృష్టి పెట్టండి.

పై ఉదాహరణలో మీరు సొంతంగా సగటు కడితే, 76,700ని 30తో భాగిస్తే, 2,556.67 వస్తుంది. బిల్లులో మాత్రం 2,583 దరిదాపుల్లో అంకె కనిపిస్తుంది. ఆ పాతిక డాలర్ల పైచిలుకు ఎక్కడిది? రోజూ కలుస్తూ వచ్చిన వడ్డీ ఆ సగటులోకి ఎక్కింది. మీ సగటు కంటే బిల్లులోని అంకె ఇలా కొద్దిగా పైన ఉంటే రోజువారీ చక్రవడ్డీ వేస్తున్నారన్నమాట. రెండూ సరిపోతే ఆ నెల లోపల వడ్డీ మీద వడ్డీ వేయలేదు, నెల చివరే కలుపుతున్నారు.

సరిచూసుకోవడానికి ఇంకో పని చేయండి. ఆ పట్టీలోని బాకీని 0.24తో గుణించి, 30తో గుణించి, 365తో భాగించండి. 2,583కి 50.95 రావాలి, వస్తుంది. ఒకటి రెండు సెంట్ల తేడా కనిపిస్తే పట్టించుకోకండి. డాలర్లలో తేడా ఉంటే ముందు రోజుల సంఖ్య చూడండి. అన్ని నెలలకూ 30 వేసేయడం మనం చేసే మామూలు పొరపాటు, బిల్లు కాలం 28 నుంచి 33 రోజుల దాకా కూడా ఉండొచ్చు. అదీ సరిపోతే పట్టీలో ఇంకో వరస ఉందేమో చూడండి. నగదు తీసినవాటికి, వేరే కార్డు నుంచి మార్చుకున్న బాకీలకు విడివిడి రేట్లు ఉంటాయి.

బిల్లు మొత్తం కట్టేశాను. వచ్చే నెల మళ్లీ వడ్డీ వచ్చింది. తప్పు వేశారా?

దాదాపు ఎప్పుడూ తప్పు కాదు. ఇది వెనకబడి వచ్చే వడ్డీ. మన ఉదాహరణనే కొనసాగిద్దాం. మే 3న బిల్లు 2,350.95. మీరు ఒక్క సెంటు కూడా మిగల్చకుండా మే 28న మొత్తం కట్టారు. మే 4 నుంచి 27 దాకా 24 రోజులు ఆ బాకీ నిలిచే ఉంది కదా. గ్రేస్ పీరియడ్ లేదు కాబట్టి ఆ రోజులకూ వడ్డీ పడింది: 37.38. అది జూన్ 3 దాకా తన మీద తాను ఇంకో 17 సెంట్లు పెంచుకుని 37.55గా కొత్త బిల్లులో దిగుతుంది.

దీన్ని చూసి బ్యాంకుకు ఫోన్ చేసి గొడవపడటం కంటే, మే 28న కట్టేముందే ఫోన్‌లోనో యాప్‌లోనో ఈ రోజుకు పూర్తిగా తీరాలంటే ఎంత కట్టాలి అని అడగడం మేలు. బిల్లులో కనిపించే మొత్తానికి ఈ పేరుకున్న వడ్డీ కలిపి చెబుతారు. ఈ 37 డాలర్ల బిల్లును చూసుకోక వదిలేసినవాళ్లకు దాని మీద ఆలస్య రుసుము పడటం, క్రెడిట్ రిపోర్టు దాకా వెళ్లడం జరుగుతుంటాయి. కట్టేశాం కదా అని యాప్ తీసేసేది ఈ నెలలోనే.

గ్రేస్ పీరియడ్ ఎప్పుడు తిరిగొస్తుందనేది కార్డును బట్టి ఉంటుంది. కొన్నిటికి ఒక బిల్లు పూర్తిగా కడితే చాలు, కొన్ని వరసగా రెండు కట్టాలంటాయి.

ఒక విషయంలో చట్టం మీ పక్షానే ఉంది. అంతకుముందు బిల్లు కాలం రోజులను కూడా లాక్కొచ్చి రెండు నెలల సగటు మీద వడ్డీ వేసే పాత పద్ధతిని 2009 నాటి కార్డ్ చట్టం ఆపేసింది. గ్రేస్ ఉన్న నెలలో బిల్లులో కొంత భాగమే కడితే, గడువులోపు కట్టిన ఆ భాగం మీద వడ్డీ వేయకూడదని కూడా అదే చట్టం చెప్పింది.

ప్రతి నెలా వడ్డీ కట్టేస్తూ ఉంటే నాకు 27.11% పడదు కదా?

డాలర్లలో పడదు. నెలనెలా వడ్డీ తీసేస్తుంటే అది ఏడాది పొడవునా పేరుకునే అవకాశం లేదు. మూడు వేల మీద 30 రోజుల వడ్డీ 59.75. ఏడాదికి అటూఇటూగా 727 డాలర్లు కడతారు, 813 కాదు. కానీ ఆ డబ్బు ఏడాది చివర కాకుండా నెలనెలా మీ చేయి దాటింది. ఆ డబ్బు మీ దగ్గరే ఉంటే వేరే అప్పో ఖర్చో తీరేది. అది కూడా లెక్కలోకి తీసుకుంటే రేటు అదే 27.11. అందుకే ఆ శాతం అప్పులను పోల్చుకోవడానికి పనికొస్తుంది. బిల్లు ఎంత వస్తుందో ఊహించడానికి కాదు.

మినిమమ్ మాత్రమే కట్టేవాళ్లు దాదాపు ఇదే పని చేస్తున్నట్టు. చాలా కార్డుల్లో మినిమమ్ అంటే బాకీలో ఒక శాతం, దానికి తోడు ఆ నెల వడ్డీ. మూడు వేలకు 30 కలిపి 59.75, మొత్తం 89.75. తొంభై కడితే అసలు తగ్గింది ముప్పై. బాకీ తగ్గేకొద్దీ మినిమమ్ కూడా తగ్గిపోతుంది కాబట్టి అప్పు ఏళ్ల తరబడి సాగుతుంది. ఎన్నేళ్లు సాగుతుందో బిల్లులో ఒక పెట్టెలో రాయాలని కార్డ్ చట్టం పెట్టింది. దాని కిందే మూడేళ్లలో తీరాలంటే నెలకు ఎంత కట్టాలో కూడా ఉంటుంది. మన కార్డుకు అది దాదాపు 118 డాలర్లు. మినిమమ్‌తో మొదలైన 90కీ 118కీ మధ్య తేడా 28 డాలర్లే, కానీ ఈ 118ని తగ్గించకుండా ప్రతి నెలా కట్టాలి. ఆ పెట్టె అంకె వేసేటప్పుడు కార్డు మీద ఇక కొత్త ఖర్చు పెట్టరని అనుకుంటారు. గీకుతూ పోతే అది పనికిరాదు.

ఇండియా కార్డులకూ ఇదే లెక్కా?

సగం అదే. ఇండియాలో రేటును నెలకు చెబుతారు. నెలకు 3.5% ఉన్న కార్డును తీసుకుందాం. ఏడాదికి 42 శాతం, మన భాషలో మూడున్నర రూపాయల వడ్డీ. ఇక్కడా బిల్లు పూర్తిగా కట్టకపోతే గీకిన రోజు నుంచి రోజు లెక్కన వడ్డీ పడుతుంది. తేదీ గురించి పైన చెప్పిందంతా ఇక్కడ ఇంకా గట్టిగా వర్తిస్తుంది, ఎందుకంటే రేటు దాదాపు రెట్టింపు.

అమెరికాలో లేనిది ఒకటుంది: వడ్డీ మీద 18% జీఎస్టీ. వడ్డీ మీద వడ్డీ అసలు లెక్కలోకే తీసుకోకపోయినా 42 కాస్తా 49.56% అవుతుంది. ఏడాదికోసారి కాదు, ప్రతి బిల్లులోనూ వడ్డీ కింద వరసలో ఈ పన్ను విడిగా కనిపిస్తుంది. కట్టని రుసుములను, పన్నులను అసలులో కలిపి వాటి మీద మళ్లీ వడ్డీ వేయకూడదని రిజర్వు బ్యాంకు 2022లో ఇచ్చిన కార్డు ఆదేశాల్లో ఉంది. కాబట్టి మీ బిల్లులో పోయిన నెల జీఎస్టీ, ఆలస్య రుసుము వడ్డీ లెక్కలోకి వచ్చాయనిపిస్తే రాతపూర్వకంగా అడగండి.

రేటుకు పైకప్పు ఉందా అని కూడా అడుగుతుంటారు. 30% దాటితే అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పింది కానీ, 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది.

కార్డుతో ఏటీఎంలో డబ్బు తీస్తే?

తీసిన క్షణం నుంచి వడ్డీ. పాత బాకీ లేకపోయినా, బిల్లు మొత్తం కట్టే అలవాటున్నా దానికి గ్రేస్ ఉండదు. రేటు కూడా మామూలు ఖర్చుల కంటే తరచుగా ఎక్కువే, పైగా తీసినందుకు రుసుము వేరే. ఆ రుసుమును ఏపీఆర్‌లో చూపరు కాబట్టి పది రోజులకు తీసుకున్న చిన్న మొత్తానికి ఏడాది లెక్కన ఖర్చు కడితే ఆశ్చర్యపోయే అంకె వస్తుంది. 200 డాలర్లు తీసి, పది డాలర్ల రుసుము కట్టి, పది రోజుల్లో తిరిగి కట్టేశారనుకోండి. రుసుమే అసలులో ఐదు శాతం. 29.99% రేటుతో వడ్డీ ఒక డాలరు 64 సెంట్లు. పది రోజులకే దాదాపు ఆరు శాతం పోయింది, అందులో చక్రవడ్డీ పాత్ర సెంటు కూడా లేదు.